జ్వరంతో మొదలైన మూడు నిమిషాలు

టీకా ఎలా పనిచేస్తుందో ఆశా కార్యకర్తలకు చెప్పే మూడు నిమిషాల యానిమేషన్‌కు నేను స్క్రిప్టు రాశాను. మదనపల్లెలో మా బొమ్మలాయన క్రిముల యుద్ధంతోనే సగం వీడియో నింపేశాడు. "యుద్ధం ఇంక సాలించప్పా" అని కసురుకున్నాను. చెప్పాల్సింది ఇంతే: బలహీనం చేసిన క్రిమినో, దాని ముక్కనో టీకాలో చూసి ఒళ్లు పోరాటం నేర్చుకుంటుంది. జ్ఞాపక కణాలు దాన్ని గుర్తుపెట్టుకుంటాయి. రేపు నిజం క్రిమి వస్తే ఒళ్లు త్వరగా ఎదుర్కొంటుంది. టీకా వేశాక వచ్చే జ్వరం గురించి చివర్లో ఒక్క వాక్యం రాశాను.

పుంగనూరులో చూపిస్తే ఒక ఆశా కార్యకర్త మొహమాటపడుతూ అడిగింది. "బాగుండాది సార్. బిడ్డకు జరమొస్తే తల్లి మమ్మల్నే తిడతాది గదా, అది యాడ?"

తిరుగు బస్సులోనే వరస మార్చేశాను. మొదట ఒళ్లు కాలుతున్న బిడ్డ, గుమ్మంలో ఆశా కార్యకర్తను తిడుతున్న తల్లి. ఆ తర్వాతే ఒంటి లోపలికి వెళ్లి, ఒళ్లు ఆ పోరాటం నేర్చుకునేటప్పుడు కొందరికి జ్వరం ఎందుకొస్తుందో చూపించాం. యుద్ధం తగ్గిందని బొమ్మలాయన అలిగాడు. అలక తీరాక, బొమ్మలో తిట్టే తల్లికి తన సొంత అమ్మ ముక్కు పెట్టాడు.

కుప్పంలో ఆశా కార్యకర్తలకు చూపిస్తే, తెర మీద ఆ తల్లి నోరు తెరవగానే గదంతా నవ్వింది. వెనక వరసలో ఒకామె మాత్రం నవ్వకుండా, "ఆ తిట్లు సాలవప్పా" అంది.