పీపా ఖాళీ అయితే

పెద్దరాములుది భానూరు. పటాన్‌చెరులో దీపాలకు ప్లాస్టిక్ కవర్లు తయారుచేసే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియన్. పాత మౌల్డింగ్ మిషన్లు ఆయనకు ఇంట్లో బర్రెల్లాంటివి. పంపు చప్పుడు మారితే చాలు, దేనికి ఒంట్లో బాగాలేదో షెడ్డు అవతలి నుంచే చెప్పేవాడు. కొత్తగా తైవాన్ నుంచి వచ్చిన మిషన్‌తో మాత్రం ఆయనకు మాటలు కలవలేదు. దానికి నూనె పంపు లేదు, మొత్తం కరెంటు మోటార్లే. అది నడుస్తుంటే చప్పుడే వినపడదు.

దాన్ని బిగించడానికి వచ్చినవాళ్లు నాలుగు రోజులు ఉండి, మెయింటెనెన్స్ చూసే వెంకట సాయికి ఇంగ్లీషులో అంతా చెప్పి వెళ్లిపోయారు. ఆ నాలుగు రోజులూ పెద్దరాములుకు నైట్ డ్యూటీయే పడింది. తరువాత ఒకనాడు వచ్చి చూస్తే మిషన్ పక్కన ప్లాస్టిక్ పొర వేసిన కాగితం వేలాడుతోంది. 'త్వరిత మార్గదర్శి' అని పైన పెద్ద అక్షరాలు. మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు కాగితానికి అది తెలుగు. అంతకుముందు రోజే ఆడిట్‌వాళ్లు వచ్చి, పనివాళ్లకు తెలిసిన భాషలో సూచనలు ఉన్నాయని చూసి సంతోషపడి వెళ్లారట.

ఆషాఢంలో ఒక రాత్రి గాలివానకు సబ్‌స్టేషన్‌లో ఏదో కాలి, ఆ పారిశ్రామికవాడ అంతటికీ కరెంటు పోయింది. జనరేటర్ లైట్లకూ పాత మిషన్లలో రెండింటికీ సరిపోయింది. కొత్తది అచ్చు సగం మూసుకుని, గొట్టం నిండా ప్లాస్టిక్‌తో ఆగిపోయింది. నడుస్తున్నప్పుడు మూడు వందల డిగ్రీలకు దగ్గరగా, తేనెలా కారే సరుకు అది. ఆగిపోతే రాయి. దాన్ని ముందుకు నెట్టే మరలాంటి ఉక్కు కడ్డీని స్క్రూ అంటారు. చల్లబడేకొద్దీ ప్లాస్టిక్ ఆ స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది.

కరెంటు తిరిగి వచ్చేసరికి నడిజాము దాటి చాలాసేపయింది. స్క్రీన్ వెలిగింది. ఎర్ర అక్షరాలు వరుసగా పడ్డాయి.

పెద్దరాములు వెంకట సాయికి ఫోన్ చేశాడు. రెండుసార్లు మోగి ఆగిపోయాక మూడోసారి ఎత్తాడు.

"సార్, కొత్తది ఆగింది. మళ్ల స్టార్ట్ చెయ్యాలె. నేను దీన్ని సల్లగైనంక ఎన్నడూ లేపలే. మీరు జెర వస్తరా?"

"ఈ వర్షంలో ఎలా వస్తానండీ రాములు గారూ. ముత్తంగి దగ్గర రోడ్డంతా నీళ్లట. అక్కడ గైడ్ పెట్టాను కదా, తెలుగులోనే ఉంది. దాని ప్రకారం వెళ్లండి. సొంతంగా ఏమీ చెయ్యకండి. పొద్దున్నే లారీ వస్తుంది, మర్చిపోకండి."

ఆ మిషన్ దగ్గర కవర్లు ఏరి, అంచులు గీకి పెట్టెల్లో సర్దే మనిషి రేఖ. కాంట్రాక్టు మీద వచ్చింది. ఇంటర్ చదివింది. పెద్దరాములు కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

"రేఖా, జెర చదివి పెట్టు బిడ్డా. అక్షరాలు చీమల లెక్క ఉన్నయి."

ఆమె కాగితం తీసి లైటు కిందకి పట్టుకుంది. "ఒకటి. అత్యవసర ఆపుదలను విడుదల చేయండి."

"ఎర్ర బటన్. తిప్పి ఒదిలిన. తర్వాత?"

"శీతల నీటిని తెరవండి."

అది ఆయనకు తెలిసిందే. ప్లాస్టిక్ గుళికలు దిగే చోట గొట్టం చల్లగా లేకపోతే అవి అక్కడే కరిగి ముద్దకట్టి దారి మూసేస్తాయి. వాల్వు తిప్పాడు. పైనుంచి గుళికలు పడకుండా పలక కూడా అడ్డం వేశాడు.

"మూడు... ఇంటికి వెళ్ళండి."

"ఏందీ?"

"గట్లనే ఉందన్నా. ఇంటికి వెళ్ళండి." రేఖకు నవ్వు ఆగలేదు. "అచ్చు తలుపు మూసిన తర్వాత ఇంటికి వెళ్ళండి అంట."

ఆయన కూడా నవ్వాడు. స్క్రీన్ మీద ఒక మూలన ఇల్లు బొమ్మ, కింద హోమ్ అని ఉంది. అచ్చును మొదటి చోటికి తెచ్చే బటన్ అదేనని అర్థమయ్యింది. తలుపు మూసి నొక్కాడు. అచ్చు మెల్లగా వెనక్కి జరిగి పూర్తిగా తెరుచుకుంది. లోపల సగం గడ్డకట్టిన కవరును ఇత్తడి కడ్డీతో ఊడదీశాడు. ఇక మిగతాది కూడా ఇలాగే సాగిపోతుందని ఇద్దరికీ ధైర్యం వచ్చింది.

హీటర్లు వేశాడు. గొట్టం పొడవునా ఐదు చోట్ల వేడి అంకెలు పైకి పోసాగాయి. కొసన ఉన్న మూతి అన్నిటికంటే ముందు ఎక్కింది. మిగిలినవి ఒక్కొక్కటే ఆకుపచ్చకు మారాయి. చివరిది మారగానే స్క్రీన్ మధ్యలో ఒక డబ్బా తెరుచుకుంది. సోక్, నలభై నిమిషాలు. కింద స్కిప్ చేయాలా అని ప్రశ్న. అవును, కాదు అని రెండు బటన్లు.

"సోక్ అంటే ఏమున్నది సూడు."

రేఖ వేలు పెట్టి వెతికింది. "నానబెట్టే సమయం. నలభై నిమిషాలు. పీపా ప్రక్షాళన అయి ఖాళీగా ఉంటే నానబెట్టడం దాటవేయండి."

"నానబెట్టుడేంది? బియ్యమా?"

"గుళికలేమో అన్నా. పీపాల గుళికలే కదా పోసేది."

మిషన్ పక్కన నీలం పీపా ఒకటి ఉండేది. గుళికల సంచులు అందులో గుమ్మరించి, అక్కడి నుంచి ఆరబెట్టే తొట్టిలోకి గాలితో లాగేవాళ్లు. సాయంత్రమే రేఖ దాన్ని తుడిచింది. ఆమె వెళ్లి మూత ఎత్తి లోపలికి వంగి చూసింది.

"ఖాళీగ ఉంది. కడిగినట్టే ఉంది."

పెద్దరాములు వెంటనే నొక్కలేదు. పాత మిషన్ల దగ్గర అంకెలు వచ్చాక కూడా ఆయన బయటకు పోయి చాయ్ తాగి, ఒక బీడీ కాల్చి వచ్చేవాడు. ఎందుకని ఎవరూ చెప్పలేదు. ముందు తరం టెక్నీషియన్ అలా చేసేవాడు, ఈయనా చేశాడు. అయితే ఈ సరుకును వేడిలో ఎక్కువసేపు ఉంచితే పచ్చబడుతుంది. పోయిన నెలలో అలా ఆగినందుకే ఒక బ్యాచంతా పసుపుపచ్చగా వచ్చి, అందరి ముందూ మాటలు పడ్డాడు. మళ్లీ ఫోన్ చేశాడు. వెంకట సాయి ఫోన్ ఆగిపోయి ఉంది. కాగితం మీద ఉన్న సర్వీసు నంబరుకు చేస్తే, అది పొద్దునయ్యాకే పనిచేస్తుందని ఒక ఆడగొంతు హిందీలో చెప్పింది.

"ఏం జేద్దామన్నా?" అంది రేఖ.

"అంకెలన్నీ పచ్చగైనయి. కాయితంల గట్ల రాసిండ్రు. సారు సొంతంగ చెయ్యొద్దన్నడు." ఆయన ఆమెతో అన్నాడో, తనకు తాను చెప్పుకున్నాడో. "నువ్వు మూతి ముందల నిలవడకు, పక్కకు జరుగు. గ్యాస్ చిమ్ముతది."

అవును నొక్కాడు. డబ్బా మాయమైంది. స్క్రూ తిప్పే బటన్ మీద వేలు పెట్టాడు.

మోటారు సన్నగా మూలిగింది. దాని బలం చూపే గీత సగానికి, ముప్పావుకు, కొసకు పోయింది. ఆయన వేలు తీసేలోపే గొట్టం లోపల ఒక్క శబ్దం. ఎండుకట్టె మోకాలి మీద విరిచినట్టు. గీత ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. వెనకాల ఇరుసు హాయిగా, ఏ బరువూ లేకుండా తిరుగుతోంది. ముందు మూతి నుంచి చుక్క కూడా రాలేదు.

ఆయనకు అర్థమయింది. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైందన్నా? తిరుగుతుంది కదా?"

"తిరుగుతుంది బిడ్డా. ఎనక ముక్క తిరుగుతుంది."

రెండు రోజుల తరువాత పూణే నుంచి వచ్చిన సర్వీసు ఇంజనీరు గొట్టం విప్పించాడు. స్క్రూ నడిమికి విరిగి ఉంది. అతను విరిగిన మొన చూపించి అందరికీ హిందీలో చెప్పాడు: వేడి కొలిచే తీగలు గొట్టం ఉక్కులో ఉంటాయి. స్క్రీన్ మీద అంకె ఆ ఉక్కుది. లోపలి ప్లాస్టిక్‌కు వేడి చాలా మెల్లగా పాకుతుంది. ఉక్కు వేడెక్కినా స్క్రూను అంటుకున్న ప్లాస్టిక్ ఇంకా గట్టిగానే ఉంటుంది. అది కూడా మెత్తబడేదాకా ఆగడమే సోక్. ఆపేముందు బారెల్‌ను, అంటే ఈ గొట్టాన్ని, పూర్తిగా కక్కించి ఖాళీ చేసి ఉంటేనే దాన్ని దాటేయొచ్చు.

పెద్దరాములు వింటూ నిలబడ్డాడు. బారెల్. పద్దెనిమిదేళ్లుగా రోజూ తను నోటితో అనే మాట. ఆ కాగితం మీద బారెల్ అని తెలుగు అక్షరాల్లో ఉంటే ఆయన నొక్కేవాడు కాదు.

విచారణలో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చున్నారు. వాళ్ల ముందు ఇంగ్లీషు కాగితమే ఉంది. అందులో అంతా సరిగ్గా ఉంది.

"ఇంత అనుభవం ఉండి బారెల్ నిండుగా ఉందని తెలీదా?" అన్నాడొకాయన.

"పీపా అని ఉండె సార్."

"పీపా అంటే బారెలే కదయ్యా."

మాటకు మాట చూస్తే ఆ పెద్దమనిషి అన్నదీ నిజమే. వెంకట సాయి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. కాగితం ఎవరు చదివారని అడిగితే పెద్దరాములు, "నేనే చదివిన, నేనే నొక్కిన" అన్నాడు.

బయట వరండాలో వెంకట సాయి వెనకే వచ్చాడు. "ఆడిట్ ముందురోజు ఫోన్‌లో పెట్టి తర్జుమా చేయించానండీ. ఒక్కసారి కూడా చదివి చూసుకోలేదు. లోపల చెబితే నా ఉద్యోగం..."

"చెప్పినా స్క్రూ అతకది కద సార్" అన్నాడు పెద్దరాములు. కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. తెల్లముఖం వేసుకుని నిలబడ్డ ఆ కుర్రవాడికి ఇంకా ముప్పై నిండలేదు.

ఆయనకు మెమో ఇచ్చి పాత షెడ్డుకు మార్చారు. కొత్త స్క్రూ ఓడలో రావాలి, ఎప్పుడొస్తుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. మిషన్ మీద టార్పాలిన్ కప్పారు. మిషన్ లేనప్పుడు దాని ముందు మనుషులెందుకని రేఖనూ మిగతా షిఫ్టుల్లో అక్కడ చేసే ఆడవాళ్లనూ కాంట్రాక్టరు రావద్దన్నాడు.

పెద్దరాములు కాంట్రాక్టరు దగ్గరకు పోయాడు. "గా పిల్లది ఏం జేసింది? తప్పు నాది. పాత మిషన్ల కాడ పెట్టుకోరాదు?"

"తప్పు సంగతి నాకెందుకన్నా. కంపెనీ ఎంతమందిని అడిగితే గంతమందిని పంపుత. ఇప్పుడు అడుగుతలేరు."

సూపర్‌వైజర్‌ను అడిగాడు. అతను కాంట్రాక్టరును అడగమన్నాడు. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

వానలు తగ్గాక ఒక పొద్దున డ్యూటీ దిగి ముత్తంగి దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే, తెల్లాపూర్ వైపు పోతూ అక్కడ ఆగిన షేర్ ఆటోలో రేఖ కనిపించింది. ఇంకో ఐదుగురు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చుంది. అక్కడ అపార్ట్‌మెంట్లలో పని దొరికిందని చెప్పింది. రెండిళ్లలో గిన్నెలు, ఒక ఇంట్లో ఊడ్చి తుడవడం.

"అన్నా, నేను సరిగ్గనే చదివిన కదా?" అని అడిగింది. ఇన్నాళ్లూ అది ఆమె మనసులో తిరుగుతూనే ఉన్నట్టుంది.

"సరిగ్గనే చదివినవ్ బిడ్డా."

ఆమె ఇంకేదో అనబోయింది. ఆటో కదిలిపోయింది. పెద్దరాములు చెయ్యి సగం ఎత్తి, ఎవరికి ఊపుతున్నాడో తెలియనట్టు దించేసుకుని, బస్సు వచ్చే వైపు తిరిగాడు.