సీలు విప్పిన బంగారం

నా చెవులు మొరాయించాక మొదట వినిపించడం మానేసింది మా ఆవిడ గొంతు. అది చెవుల జబ్బు కాదు, పెళ్ళయిన నాటి నుంచీ ఉన్నదేనని ఆవిడ వాదన. కిందటేడు మా పేట టోవా పాయోలో పరీక్ష చేసిన అమ్మాయి రెండు చెవులకీ మిషన్లు పెట్టుకోవాలని చెప్పి, ధర కాగితం మీద రాసి చూపించింది. మా ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. నేను నవ్వాను.

"ఇలాంటి రోజు కోసమేగా బంగారు బిళ్ళలు కొన్నది," అన్నాను.

ఆ బిళ్ళల వెనక ఒక పాత కోపం ఉంది. షిప్‌యార్డులో నా మొదటి బోనస్‌తో సెరంగూన్ రోడ్డులో ఆవిడకి నాలుగు గాజులు, ఒక గొలుసు కొన్నాను. రెండేళ్ళకి అవసరం పడి గొలుసు వెనక్కి పట్టుకెళ్తే, అదే కొట్టాయన, అదే త్రాసు మీద తూచి, బంగారం వరకే లెక్క అన్నాడు. కొన్నప్పుడు మజూరీ అని, తరుగు అని ముక్కు పిండి తీసుకున్నదంతా ఏమైందంటే, "అది పనివాడికి పోయింది కదా ఐయా," అని చల్లగా చెప్పాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది.

నా బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. మిగతాది కోపం చదివించింది. లైబ్రరీలో కూర్చుని బంగారం గురించి దొరికిందల్లా చదివాను. నగ ఇరవై రెండు క్యారెట్లు, అంటే వెయ్యికి తొమ్మిది వందల పదహారు పాళ్ళే బంగారం. బిళ్ళలో నాలుగు తొమ్మిదులు, అంటే దాదాపు అంతా బంగారమే. ఈ దేశంలో పెట్టుబడి బంగారం మీద పన్ను తీసేశారు. నగ మీద మాత్రం ఉంచారు, ఇప్పుడది నూటికి తొమ్మిది. బిళ్ళ మీద కూడా అసలు ధరకి పైన కొంత వేసుకుంటారు, కాదనను. గ్రాము బిళ్ళ కొంటే ఆ పైకం ఎక్కువ పడుతుంది, బరువు పెరిగేకొద్దీ గ్రాముకి తగ్గుతుంది. నాణేల మీద సాధారణంగా ఇంకాస్త ఎక్కువ, బొమ్మ అందంగా ఉంటుంది గనక. అందానికి డబ్బులివ్వడం నా వల్ల కాదు. అందుకని ఏటా శ్రావణంలో పది గ్రాముల బిళ్ళ ఒకటి కొనడం మొదలుపెట్టాను. అట్టలో పెట్టి, ప్లాస్టిక్‌తో మూసి, సీలు వేసి ఇస్తారు. బిళ్ళ మీద ఒక నంబరు, అట్ట మీద అదే నంబరు.

ఇక దాచడం. బ్యాంకు లాకరుకి వెళ్తే పెద్ద వరస. ప్రైవేటు వాళ్ళ దగ్గర ఏటా అద్దె. బంగారం నాకు వడ్డీ ఇవ్వదు, పైగా దానికి నేను అద్దె కట్టాలా? బిస్కెట్ల డబ్బాలో వేసి, దేవుడి అలమర కింది అరలో పెట్టాను. ఇల్లంతటిలో దొంగ చూడని చోటు అదేనన్నాను. మా ఆవిడ ఆ మాటకి అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

చెవుల కోసం రెండు బిళ్ళలు తీసి జేబులో వేసుకుని, కొన్న కొట్టుకే వెళ్ళాను. కౌంటరు వెనక చైనీస్ అమ్మాయి వాటిని లైటు కింద అటూ ఇటూ తిప్పింది. తర్వాత నన్ను చూసింది. నాకు వినపడదని గొంతు పెంచింది. దాంతో నా వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడింది.

"అంకుల్, ఈ సీలు ఓపెన్ చేశారు. వెనక గమ్ వేసి అతికించారు."

"నేను తెరవలేదు."

"ఈ బిళ్ళ నంబరు ఈ అట్టది కాదు అంకుల్. రెండో అట్టది. ఇందులోది అందులో, అందులోది ఇందులో." బిళ్ళని గోటితో గీకింది. గోటికి ఎర్రగా అంటింది. "ఇది ఏంటి, పెయింటా?"

అది కుంకుమ. అంకెల సందుల్లో, నాలుగు తొమ్మిదుల తలల గుంటల్లో, పసుపూ కుంకుమా గట్టిపడి ఉన్నాయి. మెత్తటి మేలిమి బంగారం గనక చింతపండుతో తోమిన గీతలు కూడా చక్కగా కనిపిస్తున్నాయి.

మిషన్‌లో పెట్టి పరీక్ష చేసి తీసుకుంటామని, అయితే సీలున్న ధర ఇవ్వలేమని, కొంత కోస్తామని ఆ అమ్మాయి చెప్పింది.

"బంగారానికి ధరా, అట్టకా?" అన్నాను.

"రెండిటికీ అంకుల్," అంది, ఏ మాత్రం కోపం లేకుండా.

బిళ్ళలు లాక్కుని రైలెక్కాను. టోవా పాయో వచ్చేదాకా నాలో నేను మాట్లాడుకుంటూనే ఉన్నాను. ఇంటికొచ్చి డబ్బా బోర్లిస్తే అన్నీ అంతే. ప్రతి అట్టా వెనక నుంచి కత్తెరతో నీటుగా కోసి, తిరిగి అతికించి ఉంది.

"వరలక్ష్మీ వ్రతానికి కొత్త బంగారం పెట్టాలి కదండీ," అంది మా ఆవిడ, నా చెవి దగ్గరకొచ్చి. "ప్లాస్టిక్కుకి బొట్టు పెట్టమంటారా?"

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. మీకు వినపడలేదు."

పేరంటాళ్ళు వచ్చే వేళకి నేను కింద హాకర్ సెంటర్లో కాఫీ తాగుతుంటాను. ఏటా అంతే. కాబట్టి చెప్పిందో లేదో దేవుడికే తెలియాలి.

కాసేపు కేకలేశాక లెక్క వేసి చూపించాను. కోత పోయినా ఆవిడ గాజుల కంటే నా బిళ్ళలే నయమని, గాజుల మజూరీ, తరుగు కొన్నరోజే పోయాయని. రేపు మళ్ళీ వెళ్ళి ఇచ్చేస్తానన్నాను. ఆవిడ డబ్బా మూత పెట్టేసింది.

"పూజ చేసింది అమ్మకూడదు. గాజులు అమ్ముదాం, రెండు."

"వాటి మజూరీ..."

"ఆ మజూరీకి ఇన్నేళ్ళూ నేను వేసుకుని తిరిగాను. మీరు మీ అట్టలతో ఏం చేశారు?"

మర్నాడు సెరంగూన్ రోడ్డులో ఆవిడ రెండు గాజులు తీసి ఇచ్చింది. పాత ధరకి కొన్నవి గనక పోయిన మజూరీ ఎక్కడా కనిపించనంతగా వచ్చింది. అది నాకు మరీ మండింది. వారం తిరక్కుండా చెవులకి మిషన్లు వచ్చాయి. ఫ్రిజ్ అంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు.

ఈ శ్రావణానికి నేను బిళ్ళ కొనలేదు. ఆ డబ్బు పట్టుకుని మా ఆవిడతో ఆ పాత కొట్టుకే వెళ్ళాను. చొక్కా మారింది గానీ మనిషి ఆయనే, ఇంకా ముసలివాడయ్యాడు. ఒక గాజు ఎంచుకున్నాం, రెండోది వచ్చే ఏడాదికి. బరువు తూచాడు, ధర కట్టాడు, మజూరీ కలిపాడు, పన్ను కలిపాడు. నేను మజూరీ దగ్గర ఆగాను. ఎంతకీ కదల్లేదు.

ఆయన గల్లా దగ్గరున్న తమ్ముడి వైపు వంగి, షిప్‌యార్డులో నాకు వంటబట్టిన తమిళంలోనే, పెదవులు కదలకుండా అన్నాడు. "ఈ ముసలాయన వదలడు. మజూరీలో సగం దాకా దిగు. అంతకు తక్కువ వద్దు."

అక్కడున్న వాళ్ళలో ఎవరికీ వినపడేంత గొంతు కాదది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"సగం," అన్నాను.

మా ఆవిడ నా చెవుల వంక ఒకసారి చూసి, చెయ్యి ముందుకు చాపింది. కొట్టాయన గాజు తొడిగాడు.