ఎడమ చెయ్యి, కుడి కాలు

మా అత్తగారింటి వసారా గోడకు ఒక మేకు ఉంది. మోటర్‌సైకిల్ తాళం దానికే తగిలించి ఉంటుంది. పెళ్లయిన కొత్తలో ఆ ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా నా కంటపడింది ఆ తాళమే. అందరికీ అందే ఎత్తులోనే ఉండేది గానీ మా మామ తప్ప ఎవరూ దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు. మా ఆయన ముట్టుకునేవాడేమో, కానీ ఆయన బెంగళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు.

మాది కోసిగి అవతల పల్లె. వానలు మొహం చాటేసిన ఏడు సగం ఊరు పిల్లాజెల్లాతో కూలికి వలస పోతుంది. దాన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. జనమే లేని ఊరికి ఆటోవాళ్లు మాత్రం ఎందుకు వస్తారు? నేను కోసిగిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఆటోలు ఆగిపోయినప్పటి నుంచి బడికి పోవాలన్నా, తలనొప్పి మాత్ర తెచ్చుకోవాలన్నా మామే దిక్కు. ఆలస్యంగా వచ్చే టీచరు తనకొద్దని హెడ్‌మాస్టరు మొహం మీదే చెప్పేశాడు. ఆ ఉద్యోగం కాస్తా పోతే నాకు మిగిలేది నాలుగు గోడలు, పెరట్లో రెండు మేకలు, అత్త చెప్పే పాత ముచ్చట్లు.

నేను పుట్టి పెరిగింది కడప టౌన్లో. ఇంటర్ నుంచీ స్కూటీ నడిపినదాన్ని. పెళ్లిచూపుల్లో కూడా గొప్పగా చెప్పుకున్నాను. తీరా వచ్చి చూస్తే ఈ ఇంట్లో ఉన్నది గేర్ల బండి. "బండి నాకొచ్చు మామా, నేనే పోయొస్తా" అంటే ఆయన నవ్వాడు.

"నీకొచ్చేది ఆడోళ్ల బండిమ్మా. పిడి తిప్పితే పోతాది, ఇడిస్తే నిలుస్తాది. ఇది అట్ల కాదు."

రోజూ ఆయన వెనక పక్కకు తిరిగి కూర్చుని బడికి పోయేదాన్ని. నన్ను గేటు దగ్గర దించి ఆయన వెళ్లిపోతుంటే, మలుపు తిరిగేదాకా బండి వెనక ఎర్ర దీపం వెలుగుతూనే ఉండేది. ముసలాయన ఎంత జాగ్రత్తగా పోతాడో అనుకునేదాన్ని. సాయంత్రం మాత్రం ఆయనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవాడు. పిల్లలందరూ వెళ్లిపోయాక, వాచ్‌మన్ గేటుకు గొలుసు వేశాక, బడి గోడ పక్కన రాయి మీద కూర్చుని రోడ్డుకేసి చూసేదాన్ని. ఇరవై ఆరేళ్ల మనిషిని, డిగ్రీ చదివాను, నెల జీతం తెచ్చుకుంటున్నాను, అయినా ఎవరో వచ్చి తోలుకుపోతే తప్ప కదలలేని మేకపిల్లలా ఉండేది నా బతుకు. ఇంటికి పోయి సంగటి కెలికేటప్పుడు కోపమంతా గరిటె మీద చూపించేదాన్ని.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ దారిలోనే మామను అడిగేశాను, గేర్ల బండి నేర్పమని. మా అత్త చేతిలో బైబిలుతోనే నా వైపు వేలు చూపించి, "నేర్పు, రోజంతా మొగం ముడుసుకోని సంపుతాండాది నన్ను" అంది. అలా మొదలైంది. గేర్ లేని బండికే నా లైసెన్సు పనికొస్తుంది కాబట్టి ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, మళ్లీ తీసుకుని, ముందూ వెనకా ఎర్ర 'ఎల్' అక్షరం అంటించాం.

పంట లేని చేను మా మైదానం. స్కూటీకి క్లచ్ లేదని కాదు, అది లోపలే తనంతట తాను పట్టుకుంటుంది, విడుస్తుంది. మనకు కనబడదు. ఇక్కడ ఆ పనంతా ఎడమ చేతిదే. నొక్కి, ఎడమ కాలితో గేరు వేసి, మెల్లగా వదులుతూ కొద్దికొద్దిగా యాక్సిలరేటరు ఇవ్వాలి. నేను టపీమని వదిలేదాన్ని. బండి గుర్రంలా ఎగిరి ఆగిపోయేది.

"పట్టుకునే తావు ఒకటి ఉంటాదిమ్మా. ఆడ ఒక గడియ నిలబెట్టు. బండి కదుల్తాందని నీ చేతికే తెలుస్తాది," అనేవాడు మామ.

ఆ చోటు దొరికాక, బరువు ఇంకో తలనొప్పి. స్కూటీ మీద రెండు కాళ్లూ ముందర పలక మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటాం. బండి ఆగితే కాళ్లు సుళువుగా నేలకు ఆనుతాయి. ఇది ఎత్తు, బరువు. కాస్త పక్కకు ఒరిగిందంటే నా వల్ల ఆగేది కాదు. ట్యాంకును మోకాళ్లతో అదిమి పట్టుకోమనేవాడు మామ. అలా పట్టుకున్నాక, పెద్ద చక్రాలు కదా, రాళ్ల దారిలో స్కూటీ కంటే నిమ్మళంగా పోయింది. ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాను.

అసలు ముప్పు వాగు దిగుడు దగ్గర వచ్చింది. మేక ఒకటి అడ్డం వచ్చింది. ఇన్నేళ్లూ స్కూటీ మీద చేసినట్టే ఎడమ చెయ్యి బిగించేశాను. స్కూటీలో అది వెనక బ్రేకు. ఇక్కడ అది క్లచ్. ఇంజను చక్రాన్ని వదిలేసింది. అంతవరకు గేరులో ఉండి బండిని కాస్తో కూస్తో పట్టి ఉంచిన ఇంజను కూడా చేతులెత్తేసేసరికి, పల్లంలో బండి ఇంకా జోరుగా దిగింది. భయం కొద్దీ ఇంకా గట్టిగా బిగించాను. వెళ్లి వాగు ఇసుకలో పడ్డాను. మేక నన్ను చూస్తూ నిలబడింది.

మామ కుంటుతూ దిగి వచ్చాడు. "కుడి కాలు యాడ పెట్టినావు? యెనక బ్రేకు కుడి కాలి కింద ఉండాది కదా! కాలు సచ్చిపోయిందా?"

నిజమే, నా కుడి కాలికి పని ఉందన్న సంగతే నాకు గుర్తుండేది కాదు. స్కూటీ మీద కాళ్లకు ఏ పనీ ఉండదు మరి. ఆ తిట్టు అప్పటి నుంచి రోజూ తిన్నాను. కాలు, కాలు, కాలు. వంట చేస్తూ కూడా పాదం అలా నొక్కి చూసుకునేదాన్ని. చివరికి వచ్చింది. కానీ తాళం మాత్రం మేకు మీదే ఉంది. అడిగితే "ఇంగ రెండు దినాలు పోనీ" అనేవాడు. ఆ రెండు దినాలు ఎన్నిసార్లు అయిపోయాయో ఆ దేవుడికే తెలుసు.

అలా ఉండగా బండి ముందుకు పోలేక ఈడుస్తూ నడవడం మొదలుపెట్టింది. పెట్రోలు తాగేస్తోంది, వెనక చక్రం దగ్గర కాలిన వాసన. కోసిగిలో మామకు తెలిసిన మెకానిక్ దగ్గరికి ఇద్దరం పోయాం. అతను చక్రం విప్పి లోపలి బ్రేకు షూలు తీసి చూపించాడు. గాజులా నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"బ్రేకు మింద కాలు అట్లే పెట్టుకోని తోల్తాండారు చిన్నాయనా. పూరా అరిగిపోయినాయి," అని ఎర్ర అక్షరం కేసి చూశాడు. "ఎవురు నేర్చుకుంటాండారు?"

"మా కోడలు," అన్నాడు మామ నేల చూస్తూ. "కొన్ని దినాలు ఆమెకు బండి ఇయ్యనులే."

నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ నలుగురు మగవాళ్లు టీ తాగుతూ నా కాళ్లకేసి చూస్తున్నారు. నోరు తెరవబోయి ఆగాను. ఆ బ్రేకును తొక్కడమే మర్చిపోతున్నానని కదా నెలల తరబడి ఈయన నన్ను తిట్టింది! తొక్కని దాన్ని, ఎప్పుడూ తొక్కి పెట్టానని ఎలా అంటాడు? అప్పుడు గుర్తొచ్చింది, బడి గేటు నుంచి మలుపు దాకా ఆరకుండా వెలిగే ఎర్ర దీపం. అది బ్రేకు దీపం.

కొత్త షూలు వేయించాక, తిరుగు దారిలో ఆయన వెనక కూర్చుని ఆయన కుడి పాదాన్నే చూశాను. చెప్పు సగం జారిపోయి ఉంది, బొటనవేలు బ్రేకు మీద బరువుగా ఆని ఉంది. ఆయనకు రెండూ తెలియవు.

"మామా, ఆపండి."

వాగు దగ్గర ఆపాడు.

"మీ కాలు బ్రేకు మీద ఉంది."

కిందికి చూశాడు. చూశాకే కాలు తీశాడు. వంగి చెప్పును చేత్తోనే సర్దుకున్నాడు.

"సుగరమ్మా. కాలు యాడ ఉండాదో సూస్తే గాని తెలీడంల్యా. మీ అత్తకు సెప్పొద్దు. బండి గూడా పోతే నేనేం జేయల్ల? మేకల కాడ కూసోవల్లనా?"

జాలి వేసిందని అబద్ధం చెప్పను. ముందు కోపమే వచ్చింది. ఆ కాలితో రోజూ నన్ను ఎక్కించుకుని ఈ పల్లం దిగాడు. పైగా నలుగురిలో నింద నా మీద వేశాడు. కానీ ఆ మాట, మేకల దగ్గర కూర్చోవడం, నా మాటే. రాతి మీద కూర్చుని నేను రోజూ అనుకునే మాట. దిగమని కూడా అడగలేదు నేను. ఆయనే దిగి, వెనక ఎక్కాడు. ఇల్లు చేరేదాకా నేనే నడిపాను.

ఆ తర్వాత టెస్టు పాసయ్యాను. బండి నాదయింది. ఆయన మేకల దగ్గర కూర్చున్నాడు. నేను గేరు మార్చే చప్పుడు విని తల తిప్పి బండికేసి చూసేవాడు. అది చూడలేక కడపలో మూలపడి ఉన్న నా స్కూటీని లారీలో తెప్పించాను. దానికి రెండు బ్రేకులూ చేతుల్లోనే ఉంటాయి. డాక్టరును అడిగితే, ఊరి దారిలో మెల్లగా అయితే పోవచ్చు, ఎడమ కాలికి ఇంకా స్పర్శ ఉంది కాబట్టి ఆగినప్పుడు అదే ఆనించమన్నాడు.

"ఆడోళ్ల బండి," అన్నాడు మామ. మరుసటి పొద్దున ఎక్కాడు.

ఇప్పుడు తిట్టే వంతు నాది. ఆయన ఎడమ చేత్తో క్లచ్ అనుకుని వెనక బ్రేకు నొక్కి పట్టి, యాక్సిలరేటరు ఇచ్చి, మెల్లగా వదలబోయేవాడు. స్కూటీ అక్కడే మూలిగి ఒక్క దూకు దూకేది. పోతూ పోతూ గేరు మార్చాలనిపించి మళ్లీ అదే నొక్కేవాడు, వెనక చక్రం ఇసుకలో జారేది. అదిమి పట్టడానికి మోకాళ్ల మధ్య ట్యాంకు లేక కాళ్లు ఏం చేయాలో తోచేది కాదు. చిన్న చక్రాలకు ప్రతి రాయీ తగిలేది. రెండుసార్లు పడబోయాడు. నాకు భయం పట్టుకుంది. స్కూటీ తాళం మేకుకు తగిలించడం మానేసి, నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బడికి పోవడం మొదలుపెట్టాను.

ఒక ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. పక్క ఊళ్లో ప్రార్థన.

"నేను తోలుకపోతా మామా," అన్నాను.

"తాళం ఈమ్మా."

"ఇంకో రెండు దినాలు పోనీండి."

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ మొహం నాకు తెలుసు. బడి గోడ పక్కన కూర్చున్నప్పుడు నా మొహం అలాగే ఉండి ఉంటుంది. బ్యాగు తెరిచి తాళం చేతిలో పెట్టాను.

వసారాలో నిలబడి చూశాను. స్కూటీ మెల్లగా ఊరు దాటింది. వాగు దిగుడు దగ్గర ఎర్ర దీపం వెలిగింది. కింద సమానంగా ఉన్నచోట ఆరిపోయింది. ఆ తర్వాత కనబడినంత దూరం అది మళ్లీ వెలగలేదు.