ముప్పై గుంటలకు పదమూడు కిలోలు

తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాడిని. ఉద్యోగం పొడుగునా అంగళ్ళ తక్కెడలు తనిఖీ చేసి, కిలో రాళ్ళకు ముద్రలు వేసినవాడిని. అందుకే బంధువులెవరికైనా కొలతల్లో చిక్కు వస్తే నాకే ఫోను చేస్తారు. చిక్కు తీరాక మాత్రం ఎవరూ చేయరు.

మాది మైదుకూరు పక్క. మా చెల్లెల్ని ఇచ్చింది ఆదోని అవతల, కర్ణాటక సరిహద్దు దాపున ఒక ఊరికి. బావమరిది పోయిన మరుసటి ఎండాకాలం ఆమె ఫోను చేసింది.

"అన్నా, మా మరిది చేను గుత్తకియ్యమంటాండాడు. ఆడదానివి నీకేం తెలుసు, నేను చేసుకుంటా, ఏడాదికింత అని ఇస్తా అంటాండాడు. నేను ఇయ్యనన్నా."

"మరేం చేస్తావు?"

"నేనే చేస్తా. ఈ వానాకాలం ఒక్క పంట చేసి చూపిస్తానన్నా. పండకపోతే గుత్తకు రాసిస్తానని అందరి ముందర నోరు జారినా. నువ్వు రా."

నోరు జారిందంటే రాసిచ్చినట్టే. ఆ ఊళ్ళో గుత్తకు పోయిన చేను మళ్ళీ ఇల్లు చేరడం కష్టం. మొదట ఒక ఏడాది అంటారు. తర్వాత గట్టు దున్నుతారు. ఆ తర్వాత ఆ చేను ఎవరిదని పిల్లలను అడిగితే సాగు చేసేవాడి పేరే చెబుతారు. ఆమెకున్నది ఆ ఒక్క చేనే.

రెండు చొక్కాలు, డైరీ, క్యాలిక్యులేటరు సంచిలో వేసుకుని బయలుదేరాను.

ఆ చేను ఎంతుందో తెలుసుకోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. చెల్లెలు ముప్పై గుంటలంటుంది. పాసుపుస్తకంలో డెబ్బై ఐదు సెంట్లని ఉంది. మట్టి పరీక్ష చేసి ఇచ్చిన కాగితం హెక్టారు తప్ప వేరే మాట ఎత్తదు. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు. అంటే గుంటకు రెండున్నర సెంట్లు. ముప్పై గుంటలూ డెబ్బై ఐదు సెంట్లూ ఒకటే, ముక్కాలెకరం. అక్కడికి గొడవ లేదు. కానీ ఆ ఊరివాళ్ళకు సరిహద్దుకు అవతల బంధుత్వాలు ఎక్కువ. అవతలివాళ్ళ గుంటలు వీళ్ళ నోట్లో ఉంటాయి, ఇవతలి సెంట్లు వీళ్ళ పెట్టెల్లో ఉంటాయి. హెక్టారు మాత్రం ఎవరి ఇంట్లోనూ లేదు. దానికి బంధువులెవరూ లేరు.

మరుసటి రోజు పొద్దున మరిది వచ్చాడు. నా కంటే చిన్నవాడు, మంచి మాటకారి. అతని చేను మా చెల్లెలి చేనుకు ఆనుకునే ఉంది. రెండెకరాల ఇరవై గుంటలు.

"ఏం బావా, ఎరువులు తూయడానికి వచ్చినావంటనే?"

"తూయడానికి కాదప్పా, లెక్క చూడ్డానికి."

"లెక్కేముండాది దాంట్లో? బుడ్డలకు ఎకరాకు ఒక మూట యూరియా. మా ఊరు ఊరంతా అంతే. పంచాయతీ గోడమీద రాసినారు గదా, చూడలే?"

ఆ గోడ చూడటానికి వెళ్ళాను. ఎప్పుడో ఎవరో పెయింటుతో రాయించిన పట్టిక. వేరుశనగకు, అంటే వాళ్ళ బుడ్డలకు, నత్రజని ఇరవై, భాస్వరం నలభై, పొటాష్ యాభై కిలోలు. పైన ఎడమ పక్క రాసిన మాట మీద కరెంటు మీటరు పెట్టె బిగించి ఉంది. పెట్టె కింద నుంచి 'కు' అనే అక్షరం ఒక్కటి తొంగి చూస్తోంది. పెట్టెకు కాస్త పక్కగా ముఖం ఆనించి చూస్తే 'హెక్టారు' కనబడింది. ఊరివాళ్ళకు అక్కడ ముఖం ఆనించే అవసరం ఎందుకొస్తుంది? భూమి అంటే ఎకరా. కనుక ఎకరాకు ఇరవై అని చదువుకున్నారు. యూరియా మూట నలభై ఐదు కిలోలు, అందులో నత్రజని నూటికి నలభై ఆరు పాళ్ళు, అంటే మూటకు ఇరవై కిలోల పైచిలుకు. ఎకరాకు మూట. లెక్క అతికినట్టు సరిపోయింది. తప్పు లెక్కలకే ఇలాంటి అందం ఉంటుంది. భాస్వరం, పొటాష్ మాత్రం దుడ్లు ఎక్కువని వదిలేశారు.

ఇంటికొచ్చి చెల్లెల్ని కూర్చోబెట్టాను.

"హెక్టారంటే రెండెకరాల నలభై ఏడు సెంట్లు. మీ గుంటల్లో చెప్పాలంటే తొంభై తొమ్మిదికి కాస్త తక్కువ. నూరనుకో. నీవి ముప్పై. వాళ్ళు నూటికి ఇరవై చెప్పినారు, నీకు ఎంత?"

"ఆరు."

"అది నత్రజని. యూరియాలో సగం కూడా నత్రజని ఉండదు. ఆరు కిలోల నత్రజని కావాలంటే పదమూడు కిలోల యూరియా. భాస్వరం నలభైలో పన్నెండు. సూపర్ ఫాస్ఫేటులో నూటికి పదహారే ఉంటుంది కనుక డెబ్బై ఐదు కిలోలు, మూటన్నర. పొటాష్ యాభైలో పదహైదు. ఆ ఎరువులో నూటికి అరవై ఉంటుంది కనుక ఇరవై ఐదు కిలోలు, అర మూట. ఈ రెండూ యాభై కిలోల మూటలు."

 చెల్లెలు అంది, "పదమూడు కిలోలా? అన్నా, తులసి కోటకు గాదు నేను అడిగింది."

పదమూడు కిలోలంటే ఎరువుల అంగడాయన ఇంకా బాగా నవ్వాడు. మూట విప్పి అమ్మడు. మూట మొత్తం కొని, ఇంట్లో తూచి, పదమూడు కిలోలు వేరు చేశాం. మిగిలిన ముప్పై రెండు కిలోలు వసారాలో మూతి కట్టి పెట్టాం. వచ్చినవాళ్ళంతా ఆ మూటను చూసి, నన్ను చూసి పోయేవాళ్ళు.

మరిది చేనుకు మాత్రం అతను అడక్కుండానే లెక్క వేశాను. రెండెకరాల ఇరవై గుంటలంటే సరిగ్గా నూరు గుంటలు. దాదాపు ఒక హెక్టారు. గోడమీదున్నది అతని చేను మొత్తానికి కొలిచి రాసినట్టుంది. ఆ మాటే చెప్పాను.

"మీ చేను మొత్తానికి ఒక మూట చాలప్పా. రెండున్నర వేస్తాండావు."

"రెండున్నరెకరాలకు ఒక మూటా?" అన్నాడు చెయ్యి గాల్లో తిప్పి. "బావా, నీకు పింఛను వస్తాంది కాబట్టి సరిపోయింది."

వాన పడింది. ఇద్దరూ విత్తారు. నేను మైదుకూరు వెళ్ళిపోయాను. మొక్కలు నెల దాటి పూతకొచ్చే వేళకు జిప్సం వేయాలని తిరిగి వచ్చాను. హెక్టారుకు ఐదు వందల కిలోలు, ముప్పై గుంటలకు నూట యాభై.

చేను దగ్గరికి పోతే నాకే దిగులు పుట్టింది. గట్టుకు అవతల మరిది చేను నల్లగా, దట్టంగా, ఏనుగు పిల్ల దాక్కున్నా కనబడనట్టు ఉంది. ఇవతల మా చెల్లెలి చేను పొట్టిగా, లేత పచ్చగా, సాలు సాలుకూ మధ్య మన్ను కనబడుతూ ఉంది. ఆమె నాతో సరిగా మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెట్టింది.

"ఊరంతా మా చేను చూసి పోతాంటారన్నా. సినిమాకు వచ్చినట్టు."

"ఆకును చూసి చెప్పలేం. కాయ భూమిలో కదా ఉండేది."

"భూమిలో ఉండేది నాకూ కనబడదు, నీకూ కనబడదు. గుత్త కాగితం మాత్రం కనబడ్తాంది."

 గ్రాములతో సహా సరిగ్గా ఉన్న లెక్క మనిషికి ధైర్యం ఇవ్వాలని ఎక్కడా లేదు. కలుపు తీయించి, మొక్కల మొదళ్ళలో జిప్సం చల్లి, మన్ను ఎగదోయించి వచ్చాం. దూరం నుంచి మరిది కేక వేశాడు. "బావా, సున్నం కొడ్తాండారా చేనుకు? పండగా ఏందీ?"

ఆ రోజు డైరీలో రాయడానికి కూర్చుని, లెక్కను మళ్ళీ హెక్టార్ల నుంచి సెంట్లకు, సెంట్ల నుంచి గుంటలకు తిప్పి చూశాను. ప్రతిసారీ పదమూడే వచ్చింది. అదే నాకు భయం. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు.

ఆఖర్న వానలు కాస్త దోబూచులాడాయి, ఇద్దరికీ ఒకేలాగ. పీకే రోజులకు నేను అక్కడే ఉన్నాను. కాయ కొట్టి, ఎండబెట్టి, మూటలకెత్తారు. మూటలన్నీ ఒకే సైజువి. మరిది మా వసారాలోకి నవ్వుకుంటూ వచ్చాడు. ఇరుగుపొరుగువాళ్ళు కొందరు వెనక నిలబడ్డారు.

"వదినా, ఎన్ని మూటలైనాయి?"

"ఎనిమిది."

"నాకు పదహైదు." అతను వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూశాడు. "నేను చెప్పలే? సరే, ఇప్పుడు బాధపడి ఏం లాభం. గుత్త సంగతి కూర్చుని మాట్లాడుకుందాం."

వెనకున్నవాళ్ళు తలలు ఊపారు. పదిహేనంటే ఎనిమిదికి దాదాపు రెట్టింపు కదా, అందులో ఊపకపోవడానికేముంది. నేను హెక్టారుకు ఎన్ని క్వింటాళ్ళని చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. ఆ పూట హెక్టారు అని ఉంటే నన్ను ఊరి బయటి దాకా సాగనంపేవాళ్ళు. నా అదృష్టం, చెల్లెలే ముందు మాట్లాడింది.

"మీవి ఎన్ని గుంటలప్పా?"

"రెండెకరాల ఇరవై."

"గుంటల్లో చెప్పు."

అతను వేళ్ళు మడిచి, "నూరు," అన్నాడు.

"నూరు గుంటలకు పదహైదు. మా ముప్పైకి ఆ లెక్కన ఎంత రావల్ల?"

 వెనకనుంచి ఒక ముసలాయన నిదానంగా, "నాలుగున్నర," అన్నాడు.

"నాకు ఎనిమిదొచ్చినాయి."

మరిది మూటల వైపు చూశాడు. ఒక మూట విప్పి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి చిదిమి చూశాడు. గింజ నిండుగా ఉంది. తన చేలో సగం కాయలు లొట్టలేనని అంతకు ముందు రోజే కూలివాళ్ళు చెప్పుకున్నారు. నత్రజని ఎక్కువైతే చెట్టు ఆకునే చూసుకుంటుంది, కాయను మరిచిపోతుంది. ఇది నేను చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో లేడు.

"వదిన చెయ్యి మంచిది," అన్నాడు చివరికి. ఊరు కూడా అదే తేల్చుకుంది. గుత్త మాట మాత్రం ఆ రోజు ఆ వసారాలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు అందరికీ కాఫీలిచ్చింది.

మరుసటి ఏడాది తొలకరికి ముందు మరిది నాకు ఫోను చేశాడు. చాలా గౌరవంగా పలకరించాడు.

"బావా, పదమూడే గదా?"

"ఏది పదమూడు?"

"యూరియా బావా. పదమూడు కిలోలు. ఊళ్ళో అందరూ ఈసారి పదమూడే వేస్తాండారు. మా పక్కాయనకు ఐదెకరాలుండాయి, పదమూడు తూయించి పెట్టుకున్నాడు. అంగడాయన తూచి చిన్న సంచుల్లో కట్టి అమ్ముతాండాడు. పదమూడు సంచి అంటే ఇస్తాడు."

పదమూడు అనేది ముప్పై గుంటలకు మాత్రమేనని, ఐదెకరాలకు దాదాపు రెండు మూటలు కావాలని, పోయినసారి ఎక్కువైన చోట ఈసారి తక్కువవుతుందని వివరంగా చెప్పాను. అతను అంతా విన్నాడు.

"అదంతా నాకెందుకు బావా, నెంబరు చెప్పు చాలు."

"మీ వదినను అడుగప్పా. ఆమెకు లెక్క తెలుసు."

ఆ మధ్యాహ్నమే అతను వాళ్ళింటికి పోయినట్టుంది. సాయంత్రం చెల్లెలు ఫోను చేసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏం చెప్పినావు?" అన్నాను.

"నూరు గుంటలకు పదమూడు కిలోలు పట్టుకోనొచ్చినాడన్నా. ఏమప్పా, నీకు లెక్క కుదరకపోతే మొగమాటం వద్దు, చేను నాకే గుత్తకియ్యి, ఏడాదికింత అని ఇస్తా అని చెప్పినా."