ఖాళీ సైకిలు తిన్న వెలుగు

తమిళనాడులోని గుడియాత్తంలో నా స్నేహితుడు పిల్లలకు తెలుగు రాయడం, చదవడం నేర్పిన గదికి కరెంటు లేదు. అది రేకుల కప్పున్న పాత మగ్గాల షెడ్డు. ఇళ్లలో తెలుగే మాట్లాడుతూ ఒక్క అక్షరం చదవలేని పిల్లలు సాయంత్రాలు అక్కడికి వచ్చేవారు. వెలుగు కోసం మేము మూడు సైకిళ్లను స్టాండుల మీద బిగించాం. వెనక చక్రానికి బెల్టు వేసి చిన్న డి.సి. మోటారుకు కలిపాం. చక్రంతో పాటు మోటారు తిరిగితే కరెంటు పుడుతుంది. నేను వేలూరు కాలేజీలో ఫిజిక్సు ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి వైరింగు నాది.

లెక్క తేలికైనదే. మా వయసు మనిషి ఆయాసపడకుండా తొక్కితే యాభై వాట్లు వస్తాయి. గదిలో ఇరవై వాట్ల ఎల్.ఇ.డి. ట్యూబులు నాలుగు, అంటే ఎనభై. ఇద్దరు తొక్కితే వంద. దారిలో పది పోయినా సరిపోతుంది. మూడో సైకిలు, వంతులవారీగా ఒకరు అలుపు తీర్చుకునే వీలు కోసమే. కానీ నా స్నేహితుడు పాఠం చెబుతూనే దాన్ని తొక్కేవాడు, దిగేవాడు కాదు.

ఆయన పోయాక తొక్కేందుకు ఇద్దరమే మిగిలాం, నేనూ, ఆయన బావమరిదీ. అతను మగ్గం నేస్తాడు. పాఠం చెప్పడానికి ఆయన భార్య ముందుకొచ్చింది. పిల్లల తల్లిదండ్రులు ఒక సాయంత్రం చూసిపోదామని వచ్చారు. ఇద్దరితో వెలుగు నిలవకపోతే పిల్లల్ని మాన్పించేస్తామని ముందే చెప్పేశారు.

మసక పడుతుండగా ఎక్కాం.

"అన్నా, మగ్గం తొక్కే కాళ్లు నావి. నువ్వు ఊరికే కూర్చున్నా చాలు" అన్నాడు నేతగాడు.

"ముందు తొక్కప్పా, మాటల్తో లైటు వెలగదు."

ట్యూబులు వెలిగాయి గానీ, నీళ్లు కలిపిన పాలలా వెలిగాయి. వేగం పెంచాం. కాళ్లు బరువెక్కాయి తప్ప వెలుగు పెరగలేదు. అప్పుడు నా వెనక టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది. గుమ్మంలో ఉన్న ఒక తల్లి తన బిడ్డను దగ్గరికి లాక్కుంది.

"ఎవురూ లేరే, తిరగతా ఉండాది!"

తల తిప్పి చూశాను. ఆయన సైకిలు. పెడళ్లు కదలడం లేదు, సీటు ఖాళీ, వెనక చక్రం మాత్రం గిర్రున తిరుగుతోంది. ఫ్రీవీలు చప్పుడు చేస్తోంది. ఆయన నడివాక్యంలో ఆగి, తొక్కడం మాని, పలక వైపు వంగినప్పుడు ఇదే చప్పుడు వచ్చేది. నా కాళ్లు ఆగిపోయాయి.

దిగి వైరు పట్టి చూశాను. ప్రతి సైకిలుకూ నేనొక డయోడు పెట్టాను. అది కరెంటును బయటికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. ఆయన సైకిలుకు అది లేదు. ఆ చోట ఉత్త తీగ చుట్టి ఉంది.

"బావే పీకేసినాడు" అన్నాడు నేతగాడు. "అది రవ్వంత వోల్టు తింటాది, వృథా అన్నాడు. దిగితే ఎట్లా బావా అంటే, నేను దిగేది యాడరా అన్నాడు."

మా ఇద్దరి కరెంటే వెళ్లి ఆయన మోటారును తిప్పుతోంది. పాతికవాట్ల దాకా అది తింటోంది. ట్యూబులకు అరవై ఐదే మిగులుతున్నాయి.

ప్లగ్గు మీద చెయ్యి వేశాను.

"అన్నా, పీకొద్దు" అంది ఆయన భార్య.

"పీకకపోతే నాలుగు లైట్లూ నిలవవమ్మా. వాళ్లు చూస్తా ఉండారు."

ఆమె చక్రం వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. చాక్‌పీసు తీసుకుని బోర్డు దగ్గరికి నడిచింది.

"సరి, పీకెయ్ అన్నా. పిల్లోళ్లు వచ్చేది అచ్చరాలకి కదా."

పీకాను. మళ్లీ తొక్కడం మొదలుపెట్టగానే గది ఒక్కసారి తెల్లబడింది. నాలుగు ట్యూబులూ పాఠం అయ్యేదాకా అలాగే నిలిచాయి. తల్లిదండ్రుల్లో ఒకరు "పోదుం, ఈ వెలుగు చాలు, పంపిస్తాం" అన్నారు. మిగతావాళ్లు తలలూపారు.

అందరూ వెళ్లాక మేము దిగబోతుంటే ఆమె వచ్చి గోడ దగ్గరి స్విచ్చు ఒకటి ఆపింది. ఇక మూడు ట్యూబులే, అంటే అరవై వాట్లు.

"ఇప్పుడు పెట్టచ్చు కదన్నా?"

అరవైకి పాతిక కలిపితే ఎనభై ఐదు. చాలుతుంది. నేను ప్లగ్గు పెట్టాను. నేతగాడు మళ్లీ పెడలు మీద కాలు వేశాడు.

కొత్త డయోడు ఒకటి కొన్నాను. పాఠానికి వచ్చే ప్రతిసారీ దాన్ని జేబులో వేసుకునే వేలూరులో బస్సెక్కుతాను. ఇంకా బిగించలేదు. పాఠం అయ్యాక ఆమె ఒక లైటు ఆపుతుంది. నేను ప్లగ్గు పెడతాను, మేమిద్దరం తొక్కుతాం. ఆమె పిల్లల బెంచీ మీద కూర్చుని ఆ చప్పుడు వింటుంది. మేము ఆపినా ఆ చక్రం వెంటనే ఆగదు. లైట్లు ఆరిపోయాక కూడా కాసేపు చీకట్లో తిరుగుతూనే ఉంటుంది.