నవ్వితే చెరిగే మచ్చ

నాచారంలో ఒక పాత ఫ్యాక్టరీ షెడ్డు వెనక, మేడ మీద మా ఆఫీసు. సినిమాల్లో కంప్యూటర్‌తో ఒకరి ముఖం తీసి ఇంకొకరికి పెట్టడం మా పని. ఈ పనిలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నాకు కాస్త పొగరుండేది.

షూటింగ్ సగంలో ఉండగా ఒక నటుడు గుండెపోటుతో పోయాడు. మిగిలిన సీన్లు ఆయన తమ్ముడు చేశాడు. అదే ఒడ్డూ పొడుగూ. తమ్ముడి మెడ మీద పచ్చబొట్టుంది. మేం మార్చేది గడ్డం వరకే కాబట్టి దాన్ని మేకప్‌తో కప్పించాం. పోయినాయన భార్య ఒకటే షరతు పెట్టింది: "ఆయన మొకం ఎట్లుండెనో గట్లనే ఉండాలె. నేను సూసినంకనే సంతకం." ఆ సంతకం లేకపోతే సినిమా లేదు.

ఆయన ఎడమ చెంప మీద పెద్ద గాటు మచ్చ. మెషీన్‌కి ముఖం నేర్పేటప్పుడు ఫోటోలను అద్దంలోలా తిప్పి కూడా చూపిస్తారు. అలా చేస్తే మచ్చ రెండు చెంపలకూ వస్తుందని నేనది ఆపేశాను. మేకప్ మచ్చను కప్పేసిన ఫోటోలు ఏరి పారేశాను. పాత సినిమాలు, ఇంట్లో వీడియోలు, మిగతావన్నీ మెషీన్‌లో పోశాను.

అది తమ్ముడికి పెట్టిన ముఖాన్ని తెర మీద వేసి చూశాను. ముఖం మామూలుగా ఉన్నంతసేపూ మచ్చ ఉంది. నవ్వు మొదలవగానే పలచబడి, పళ్లు కనిపించేసరికి చెంప నున్నగా అయిపోతోంది. నవ్వు ఆగితే మళ్లీ లోపలి నుంచి తేలుతోంది. నిజంగా భయం వేసింది. కారణం వెతికితే, నవ్వే ఫోటోలన్నీ చెంపకు ఆ దెబ్బ తగలకముందువి. తర్వాతివాటిలో ఒక్క నవ్వూ లేదు. సరే పోనీ అని, ఫ్రేము ఫ్రేముకూ చెంప కదలికను పట్టుకుని మచ్చను నేనే గీసి అతికించాను. అతుకు కనిపించదు. మురిసిపోయాను.

ఆమె ఉప్పల్ నుంచి మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. సినిమాలో కూతురి పెళ్లి సీను వేశాం. తెర మీద ఆయన మచ్చతో, నోరారా నవ్వాడు. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది.

"ఎవరు గీయన?"

"అన్ననే గద వదినా," అన్నాడు మరిది.

"గాదు. గా దెబ్బ తగిలిన్నాడు బండి మీద ముందట మా పాప కూసున్నది. పాప పోయింది. గా మచ్చతోని ఆయన ఒక్కనాడు నవ్వలే." నా వైపు తిరిగింది. "మచ్చన్న తీసెయ్యి తమ్మీ, నవ్వన్న తీసెయ్యి. రెండు ఒక్క మొకం మీద పెట్టకు."

నాకు తల కొట్టేసినట్టయింది. అన్ని ఫోటోలు ముందేసుకుని కూర్చున్నవాణ్ని, నవ్వు ఎందుకు లేదని ఒక్కరినీ అడగలేదు.

ఆయన బతికుండగా చేసిన సీన్లన్నిటిలో మచ్చ ఉంది కాబట్టి నవ్వే తీసేశాం. తమ్ముడు పెదవి విప్పకుండా ఆ సీను మళ్లీ చేశాడు. ఈసారి నేనేమీ గీయలేదు. అయినా మచ్చ ఒక్క ఫ్రేములోనూ చెరగలేదు. ఆమె తెర మీద ఆ చెంపను వేలితో తాకి చూసి, సంతకం పెట్టింది.