మిరియం కళ్ళారా చూసిన గది

మిరియం ముందు అబద్ధమాడి నెగ్గుకొచ్చినవాళ్ళు విశాఖపట్నంలో తక్కువ. పూర్ణా మార్కెట్లో చేప కొనాలన్నా అమ్మేవాళ్ళ మాట వినదు, మొప్ప ఎత్తి తనే చూసుకుంటుంది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఆవిడ ఒక కన్ను తెరిచి ఎవరు రాలేదో లెక్కేస్తుందని వాళ్ళాయన జాక్సన్ ఏడిపిస్తాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

ఆడిటర్ శ్రీరామ్మూర్తి గారి ఆఫీసులో ఆవిడ చేరి ఇరవై రెండేళ్ళయింది. సీఏ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పింది. అయితేనేం, ఏ కంపెనీలోనైనా సరుకు ఉందో లేదో తేల్చాలంటే శ్రీరామ్మూర్తి గారు ఆవిడనే పంపుతారు. కొత్తగా చేరిన ట్రైనీలకి మొదటి పాఠం కూడా ఆవిడదే. "నోటిమాట అట్టడుగున. కంపెనీవాళ్ళు రాసుకున్న రిజిస్టరు దాని పైన. బయటివాళ్ళిచ్చిన కాగితం ఇంకా పైన, అదీ కంపెనీ చేతుల మీదుగా కాకుండా నేరుగా మనకొస్తేనే. అన్నిటికీ పైన మన కళ్ళు" అని వేళ్ళ మీద చెబుతుంది. "అవి మేకులు కొట్టిన మెట్లు కావమ్మా, సందర్భాన్ని బట్టి పైకీ కిందకీ జరుగుతుంటాయి" అని శ్రీరామ్మూర్తి గారు నవ్వుతూ అనేవారు. మిరియం తలూపేది. తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు.

ఆ మార్చి ముప్పై ఒకటిన ఆవిడ ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీ కోల్డ్ స్టోరేజికి వెళ్ళింది. బయట ఎండ మాడ్చేస్తోంది. లోపల మూడు చలిగదులు, ఒక్కోదానిలో సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. సూపర్‌వైజరు సన్యాసిరాజు ఆవిడకి దళసరి కోటు ఇచ్చాడు. ఏభై దాటిన మనిషి, మాట మెత్తన. ఆవిడ అనుకున్న వేళకి గంట ముందే రావడం చూసి అతని ముఖం పాలిపోయింది. ఆడిటర్ని చూసి పాలిపోని ముఖం ఎక్కడుంటుంది గనక, ఆవిడ పట్టించుకోలేదు.

మొదటి గది సాఫీగా అయిపోయింది. రెండో గదిలో అడుగుపెట్టగానే ఆవిడకి వెన్నులో జలదరించింది. అది చలే అనుకుంది. దీపం పాలిపోయి ఉంది. ప్లాస్టిక్ తెరలు వెనకాల టపటపమని మూసుకున్నాయి. కంప్రెసరు మోత చెవుల్లోంచి కాకుండా పళ్ళలోంచి వినిపిస్తున్నట్టుంది. ఎదురుగా గోడలా పేర్చిన అట్టపెట్టెలు. అడ్డం పన్నెండు, ఎత్తు ఎనిమిది. లోతు పది వరసలని సన్యాసిరాజు చెప్పాడు. తొమ్మిది వందల అరవై. రిజిస్టర్లోనూ అదే అంకె.

మామూలుగా అయితే మిరియం నిచ్చెన ఎక్కి వెనక వరసలు చూస్తుంది. నాలుగు పెట్టెలు తీయించి సందులోకి తొంగిచూస్తుంది. ఆరోజు మోకాళ్ళు పట్టేశాయి, వేళ్ళకి స్పర్శ లేదు. పెట్టెల మధ్య బెత్తెడు సందులోంచి టార్చి వేసి చూసింది. చీకటి కనిపించింది. టిక్ పెట్టింది.

వెనక్కి తిరగబోతూ ఒక్క క్షణం ఆగింది. తన ఊపిరి ఆవిరై ముఖం ముందు తేలుతోంది. పెట్టెల గోడ పైనుంచి కూడా సన్నటి ఆవిరి ఒకటి లేచింది. మిరియం ఊపిరి బిగబట్టింది. తన ముందున్న ఆవిరి కరిగిపోయింది. పైనున్నది మాత్రం మళ్ళీ లేచింది, ఆగింది, మళ్ళీ లేచింది. ఫ్యాను గాలి తాలూకు మంచు అయుంటుంది అనుకుంది. అనుకుని గబగబా బయటికొచ్చింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, దేవుణ్ణి తప్ప దెయ్యాన్ని నమ్మని మనిషి, పరుగులాంటి నడకతో బయటికొచ్చింది. ఆ సంగతి కాగితం మీద రాయడానికి గడి ఎక్కడుంది?

తలుపు మూయించి, దాని మీద అడ్డంగా కాగితపు పట్టీ అంటించి సంతకం చేసింది. అన్ని గదుల లెక్కా అయ్యేదాకా సరుకు ఒక గదిలోంచి ఇంకో గదికి నడిచిపోకుండా ఆవిడ పాటించే పద్ధతి అది. తన కాగితాల్లో ఇలా రాసుకుంది: "రెండో గది, 960 పెట్టెలు, కళ్ళారా చూశాను. లోపల ఎవరూ లేరు. 11.40కి మూశాను."

తరవాత తలుపు ఎదురుగానే బల్ల వేయించుకుని కూర్చుంది.

"మేడమ్, పైన ఆఫీసులో ఏసీ ఉందండీ. బోంచేసి రండి" అన్నాడు సన్యాసిరాజు.

"ఇక్కడే తినేస్తాను రాజు గారూ" అని ఆవిడ బాక్సు విప్పింది.

పది నిమిషాలాగి మళ్ళీ వచ్చాడు. "టీ అయినా పైన తాగండి మేడమ్. కూలోళ్ళు తిరిగే సోటు, మీకేటి ఇక్కడ?" ఈసారి అతని చూపు ఆవిడ మీద లేదు, తలుపు మీద ఉంది. మార్చి ఎండకి పట్టిన చెమట కాదది. ముక్కు కొసన చుక్క వేలాడుతోంది, తుడుచుకోవడం లేదు.

మూడో గది మొదలుపెట్టడానికి కూలీలని పిలిపించింది. ఐదుగురు వచ్చారు. పొద్దున రిజిస్టర్లో ఆరు పేర్లు చూసింది.

"ఆరో మనిషేడి?"

"సాయిశంకరండీ? ఇంటికెల్లిపోనాడండి. కడుపునొప్పన్నాడు" అన్నాడు సన్యాసిరాజు. మిగతా ఐదుగురూ నేల చూపులు చూశారు.

నోటిమాట అట్టడుగు మెట్టు. మిరియం రిజిస్టరు తెరిచింది. చలిగదుల్లోంచి ఆరుగురూ పదకొండూ పదికి బయటికొచ్చేసినట్టు ఆరు సంతకాలున్నాయి. ఆరూ ఒకే పెన్ను, ఒకే వాలు. రోజూ మధ్యాహ్నం అందరి తరఫునా సన్యాసిరాజే గీకేస్తాడని ఆ తరవాత తెలిసింది, అక్కడ అది తప్పని ఎవరికీ తోచలేదు. మిరియం గేటుకి ఫోన్ చేసింది. వాచ్‌మన్ కోటి తన పుస్తకంలో సాయిశంకర్ పదకొండుంపావుకి వెళ్ళినట్టుందని చదివి చెప్పాడు.

"నువ్వు చూశావా కోటీ?"

"నాను సూడలేదమ్మా. రాజుబాబు ఇప్పుడే ఫోన్‌జేసి రాసుకోమన్నారు, రాసుకున్నాను."

అంటే అది కాగితం వేషం వేసుకున్న నోటిమాటే. మిరియం లేచి నిలబడింది. గోడకి ఆరు కొక్కేలున్నాయి, కూలీల చలికోట్లు తగిలించేవి. నాలుగో కొక్కెం ఖాళీగా ఉంది. విశాఖ ఎండలో, కడుపునొప్పితో, కంబళిలాంటి కోటు వేసుకుని ఎవడు ఇంటికి పోతాడు?

"లోపలెవరైనా ఉంటే గంట కొడతారు గదండీ" అన్నాడు సన్యాసిరాజు. తలుపు పక్కన అద్దం చట్రంలో ఉన్న కాగితం చూపించాడు. "లోపలి గంటా, తలుపు పిడీ బాగా పన్జేత్తన్నాయని కంపెనీవోల్లు పరీక్ష సేసిచ్చిన కాయితం. ఈ నెలదే."

బయటివాళ్ళ కాగితమే. కానీ నకలు, అదీ ఇతని చేతుల మీదుగా వచ్చింది. దాని మీదున్న నంబరుకి కాకుండా, ఆ మరమ్మతు కంపెనీ నంబరు తనే వెతికి మిరియం ఫోన్ చేసింది. యోహాన్ అనే మెకానిక్ పలికాడు.

"అక్కడికి ఈ ఏడు రాలేదండీ మేము. పోయిన మార్చిలో వచ్చాం. రెండో గదిలో గంట వైరు తెగిపోయింది, లోపలి పిడి మంచు పట్టి బిగుసుకుపోతోంది, రెండూ మార్చాలని అప్పుడే రాసిచ్చాం. బాగున్నాయని ఎవరన్నారు?"

మిరియం సన్యాసిరాజు వైపు చూసింది.

ఇక మిగిలింది ఒక్కటే సాక్ష్యం. అన్నిటికీ పైనున్నది. తన కళ్ళు. లోపల ఎవరూ లేరని తన చేతిరాతతో ఉంది, కింద తన సంతకం ఉంది. ఇరవై రెండేళ్ళలో ఎవరి మాట కోసమూ ఆవిడ తన కళ్ళని కాదనలేదు. ఆ తలుపు అలా మూసి ఉంచుతున్నది సన్యాసిరాజు అబద్ధం కాదు, తన కాగితపు పట్టీ. ఆ ఐదుగురిలో ఒక్కడూ దాన్ని ముట్టుకునే ధైర్యం చేయడు.

కానీ తను చూసిందేమిటి? ముందు వరస చూసింది. మిగతా తొమ్మిది వరసలూ గుణించింది. ఎవరో చెప్పిన పదిని గుణించి, దానికి చూపు అని పేరు పెట్టింది. నిజంగా కళ్ళతో చూసింది ఒక్కటే, ఆ రెండో ఆవిరి. దాన్నే రాయలేదు. భయంతో ఏడుపొచ్చింది మిరియంకి.

ఆవిడ పట్టీని చింపేసింది. "తియ్యండి తలుపు!"

సన్యాసిరాజు అక్కడే కూలబడిపోయాడు. "ఎనకాల డొల్లండీ మేడమ్! నాలుగు వరసలే ఉన్నాయి. ఖాళీ పెట్టెలు సర్దుదామని ఆణ్ణి పంపినాను. మీరొచ్చేశారు. మేడమ్ ఎల్లేదాకా కదలకు, తరవాత నువ్వే వచ్చేయ్ అన్నాను. పిడి లాగితే వొచ్చెయ్యొచ్చని... ఆ కాయితం అంతకు ముందేటిదండి, నాను దిద్దింది తేదీ ఒక్కటేనండి..."

కూలీలు పెట్టెలు లాగి పడేశారు. నాలుగు వరసల వెనక గదిలో గదిలా ఖాళీ. అందులో సాయిశంకర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కనుబొమల మీద మంచు. బయటికి చప్పుడు రానివ్వని ఆ దళసరి తలుపు మీద బాదీ బాదీ వేళ్ళు చితికిన చేతులు చంకల్లో పెట్టుకుని, పెట్టెల మీదుగా మళ్ళీ దాక్కున్న చోటికే వచ్చి కూర్చున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాళ్ళని చూస్తున్నాయో లేదో తెలియలేదు. ఆ నోటి ముందు మాత్రం సన్నటి ఆవిరి లేచింది, ఆగింది, చాలాసేపటికి మళ్ళీ లేచింది.

తలుపు మూసి అప్పటికి గంటకి పది నిమిషాలు తక్కువ.

బతికాడు. రెండు వేళ్ళు తీసేశారు. మూడో రోజున మిరియం ఆసుపత్రికి వెళ్ళింది. మంచం పక్కన అతని భార్య దేవిశ్రీ కమలాఫలం వలుస్తోంది. ముప్పై దాటని కుర్రాడు, కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని పడుకున్నాడు.

"రాజు గారు కదలొద్దంటే మాత్రం, నేను తలుపు మూస్తుంటే ఒక్క కేక వెయ్యలేకపోయావా తమ్ముడూ?" అంది మిరియం. ఇది అడగడానికే ఆవిడ వచ్చింది.

సాయిశంకర్ ఆశ్చర్యంగా చూశాడు. "మీరు నన్ను సూసేశారు కదండీ."

"నేనా?"

"సందులోంచి లైటేసినారు. నా మొకం మీదే పడింది. మీ కళ్ళు నాకు కనిపించాయి, నా కళ్ళలోకే సూత్తన్నారు. తరవాత టిక్ పెట్టిన సప్పుడు ఇన్నాను. సరేలే, మేడమ్ సూసేశారు, బయటికెల్లి సెప్పి తలుపు తీయిత్తారు అనుకున్నాను. అందుకే అరవలేదండి. శానాసేపు అలాగే అనుకుంటా కూకున్నాను."

దేవిశ్రీ కమలాఫలం వలవడం ఆపి మిరియం ముఖంలోకి చూసింది. "సూసేరాండీ?" అని అడిగింది. గొంతులో కోపం కూడా లేదు.

మిరియం ఆ సందుని తలుచుకుంది. టార్చి వెలుగు, పెట్టె అంచు, దాని వెనక చీకటి. ఎంతసేపు తలుచుకున్నా ఆ చీకట్లో ముఖం ఉందో లేదో ఆవిడకి తేలడం లేదు. ఒకసారి ఉన్నట్టే అనిపిస్తోంది.

"తెలీదమ్మా" అంది మిరియం.